నాయనమ్మకి రెండు ఇంటిపేర్లు: వంశవృక్షంలో ఏది రాయాలి?

ప్రశ్న: మా నాయనమ్మకి వాళ్ల నాన్నగారు 1952లో పసుపుకుంకుమ కింద ఎకరం పొలం రాశారు. దస్తావేజులో పుట్టింటి పేరు ఉంది, ఓటరు జాబితాలో మెట్టినింటి పేరు. నేను వంశవృక్షం తయారుచేస్తున్నాను, ఏది రాయాలి? క్యూబెక్‌లో పెళ్లి చేసుకున్న మా చెల్లెలి సంగతేంటి?

జవాబు: పుట్టింటి పేరే రాయండి. పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు, అది మన ఆచారం, అంతే. మార్చుకున్నా, మానుకున్నా ఆస్తిలో వాటా మారదు. మెట్టినింటి పేరు కూడా వదిలేయకండి, ఆవిడ వివరాల కిందే "పెళ్లి తర్వాత పేరు" అని, అది మొదట ఏ కాగితంలో కనిపించిందో, ఏ సంవత్సరమో కలిపి రాయండి.

అసలు చిక్కు పొట్టి అక్షరాలతో వస్తుంది. పుట్టిల్లు కొత్తపల్లి, మెట్టినిల్లు కాకర్ల అనుకుందాం. జాబితాలో "కె. సుబ్బమ్మ" అని ఉంటే అది ఏ కె? చాలామంది తమకు తోచినట్టు విడదీసి రాసేస్తారు, తర్వాత ఆ ఊహే సాక్ష్యమైపోతుంది. కాగితంలో ఎలా ఉంటే అలాగే, అక్షరం మార్చకుండా ఎక్కించండి, మీ అనుమానం పక్కన వేరేగా రాసుకోండి.

దస్తావేజులో ఆవిడా, ఓటరు జాబితాలో ఆవిడా ఒకరే అని తేల్చడానికి రెండు ఇళ్ల పేర్లూ కలిసిన ఒక్క కాగితం చాలు. పాత దస్తావేజుల్లో "కొత్తపల్లి వెంకయ్య కుమార్తె, కాకర్ల రామయ్య భార్య" అని తండ్రినీ భర్తనీ కలిపి రాయడం మామూలే, మీ 1952 కాగితంలో ఆ వరుస ఉందేమో ముందు చూడండి. ఉంటే సగం టెన్షన్ పోయినట్టే. లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి, 1983కి ముందువి ఆన్‌లైన్ ఈసీలో, అంటే ఆస్తి లావాదేవీలు చూపించే సర్టిఫికెట్లో, రావు. అక్కడ పేర్లకో ఇండెక్సు, ఆస్తికో ఇండెక్సు ఉంటాయి. పేర్ల దాంట్లో రెండు ఇంటిపేర్లతోనూ చూడమనండి, రెండో దాంట్లో సర్వే నంబరుతో. ఒక్క ఇంటిపేరుతో వెతికి "ఏమీ లేదు" అని వెనక్కి వచ్చేసినవాళ్లని చాలామందిని చూశాను.

అవేవీ దొరక్కపోతే ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ ఇవ్వచ్చు, కానీ అది మీ మాటే తప్ప రుజువు కాదు. పొలం మీద ఎవరైనా గొడవపెడితే సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేయాల్సిందే, తహసీల్దారు హక్కు తేల్చలేరు.

ఇక మీ చెల్లెలు. క్యూబెక్‌లో 1981 నుంచి పెళ్లయినా ఎవరి పేరు వారిదే, భర్త ఇంటిపేరు ఆటోమేటిగ్గా రాదు. జపాన్‌లో సరిగ్గా ఉల్టా, ఆ దేశపు దంపతులిద్దరూ చట్ట ప్రకారం ఒకే ఇంటిపేరు పెట్టుకోవాలి, కొన్ని ఇళ్లలో మగాడే మార్చుకుంటాడు. కాబట్టి ఆవిడ పేరు పక్కన బావగారి ఇంటిపేరు మీరే తగిలించకండి. పెళ్లి ఎక్కడ, ఎప్పుడు జరిగిందో, సర్టిఫికెట్లో ఏ పేరుందో రాయండి. అన్నట్టు, విదేశీ ఫారాల్లో మన ఇంటిపేరు చివరికి వెళ్తుంది, కొన్నిసార్లు అసలు పేరే ఇంటిపేరు గడిలో పడుతుంది. ఏ గడిలో ఏది ఉందో కూడా చూసి రాసుకోండి.