డీఎన్ఏ ముక్క ‘దూకింది’ అనవచ్చా?

సందేహం: హీమోఫీలియా గురించి రాస్తూ “ఒక డీఎన్ఏ ముక్క 22వ క్రోమోజోము నుంచి దూకి ఎక్స్ క్రోమోజోములో పడింది” అన్నాను. ‘దూకింది’ తప్పన్నారు మా సంపాదకులు. జంపింగ్ జీన్స్ అనే అంటారు కదా, తప్పెలా అవుతుంది?

సమాధానం: ఇక్కడ మీ సంపాదకులదే సరి. గట్టు మీంచి దూకినవాడు ఇక గట్టు మీద ఉండడు. మీరు చెప్పిన ముక్క 22వ క్రోమోజోములో ఉన్నచోటే ఉంది. ఎక్స్‌లోకి చేరింది దాని నకలు.

ఆ ముక్క పేరు ఎల్1. దాదాపు 6,000 అక్షరాల పొడవు. కణం ముందు దాన్నిబట్టి ఆర్ఎన్ఏ తయారుచేస్తుంది. ఎల్1 సొంత ఎంజైము కొత్త చోట డీఎన్ఏ పోగును ఒకదాన్ని కోసి, ఆ కోసిన కొసనుంచే ఆర్ఎన్ఏను చూస్తూ డీఎన్ఏ రాసుకుపోతుంది. రాత తోకవైపు నుంచి మొదలవుతుంది, తరచుగా మధ్యలోనే ఆగిపోతుంది. 1988లో జన్యుశాస్త్రవేత్త హేగ్ కజాజియన్ బృందం హీమోఫీలియా రోగి ఎక్స్ క్రోమోజోములో, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువులో చూసింది ఇలాంటి అసంపూర్ణ నకలునే: 3,800 అక్షరాలు, తల లేదు, తోక ఉంది. తల్లిదండ్రుల జన్యువులో అది లేదు కాబట్టి కొత్తగా చేరిందని తేలింది. దాని మూలం 22వ క్రోమోజోములో ఉందని తర్వాత కనిపెట్టారు.

మరి ‘దూకింది’ ఎక్కడ నప్పుతుంది? జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో చూసిన డీఎస్ అనే ముక్కకు నప్పుతుంది. ఏసీ అనే మరో ముక్క తయారుచేసే ఎంజైము డీఎస్ రెండు కొసలనూ గుర్తుపట్టి, కత్తిరించి, ఇంకోచోట అతికిస్తుంది. రంగు జన్యువులో డీఎస్ ఉంటే గింజకు రంగు రాదు. గింజ పెరుగుతుండగా ఏదో కణంలో అది లేచిపోతే, ఆ కణం సంతతికి మళ్ళీ రంగు వస్తుంది. తొందరగా లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న చుక్క. అయితే పోతూ పోతూ ఒకటి రెండు అక్షరాలు అటూ ఇటూ చేసి పోవడం మామూలే, అందుకని జన్యువు ప్రతిసారీ బాగుపడదు.

క్రియ తప్పితే లెక్క కూడా తప్పుతుంది. దూకేవాటి సంఖ్య మామూలుగా పెరగదు. (డీఎన్ఏ రెట్టింపయ్యే వేళ, రెట్టింపైన చోటునుంచి ఇంకా కానిచోటుకు దూకితే మాత్రం ఒకటి అదనంగా మిగులుతుంది.) నకలుతో చేరేవి ప్రతిసారీ పెరుగుతాయి. మన జీనోములో ఎల్1 ముక్కలే సుమారు 17 శాతం. వాటిలో చాలామటుకు తల తెగి, మళ్ళీ నకలు తీసుకోలేనివే. ఆలూ అనే 300 అక్షరాల మరో డీఎన్ఏ ముక్కకైతే సొంత ఎంజైమే లేదు, ఎల్1 ఎంజైము వాడుకునే పది లక్షలు దాటింది!

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: “22వ క్రోమోజోములోని ఎల్1 నకలు ఒకటి, సగంలో తెగి, ఎక్స్‌లోని ఫ్యాక్టర్ 8 జన్యువులో చేరింది.” ‘స్థానం మారింది’ అని మాత్రం రాయకండి, అదీ దూకడం కిందికే వస్తుంది.