'అండ్ ఐ' దగ్గర ఆగి చూడు

చిరంజీవి శ్రీనివాసులుకు, ప్రొద్దుటూరు నుంచి మామ దీవెనలు.

నువ్వు చూడమని పంపిన లెటర్ చదివాను. బాగానే రాశావు గానీ రెండు చోట్ల నా పెన్ను ఆగింది. ఒకటి, 'ది మేనేజర్ కాల్డ్ రమణ అండ్ ఐ'. రెండోది, 'ది వర్క్ వజ్ డివైడెడ్ బిట్వీన్ రమణ అండ్ ఐ'. రెండింట్లోనూ 'ఐ' కాదు, 'మీ' రావాలి.

ఈ తప్పులో మా మాస్టర్ల పాపం కూడా ఉంది. పిల్లలు 'మీ అండ్ రాము వెంట్' అంటే, నేనూ ఏళ్ల తరబడి 'రాము అండ్ ఐ అనాలిరా' అని దిద్దాను. అక్కడ వెళ్లింది వాళ్లే కాబట్టి 'ఐ' సరే. ఆ కారణం చెప్పకపోవడంతో, పక్కన ఇంకో మనిషి ఉంటే 'అండ్ ఐ' అనడమే మర్యాద అని పిల్లలు పట్టేసుకున్నారు.

మొదటి వాక్యంలో రమణను కాసేపు పక్కన పెట్టు. 'ది మేనేజర్ కాల్డ్ ఐ' అని మిగులుతుంది. చెవికే తెలుస్తుంది కదా, 'కాల్డ్ మీ' అనాలని. రమణ మళ్లీ వచ్చి కూర్చున్నా ఆ 'మీ' మారదు.

రెండో వాక్యంలో ఈ ఉపాయం పారదు. 'మధ్య' అనాలంటే ఇద్దరుండాలి, ఒకరిని తీసేస్తే వాక్యమే నిలవదు. అందుకని ఇద్దరినీ కలిపి ఒక్క మాట పెట్టు. 'బిట్వీన్ వి' అంటామా, 'బిట్వీన్ అస్' అంటామా? 'అస్' సరిపోయిన చోట 'మీ', 'వి' సరిపోయిన చోట 'ఐ'. 'బిట్వీన్ యూ అండ్ మీ' కూడా ఇంతే. అక్కడ 'యూ' ఎటు తిప్పినా 'యూ'గానే ఉంటుంది కాబట్టి పక్కమాట తప్పినా మనకు తెలియదు. మన తెలుగులో ఆ చిక్కు లేదు. శనక్కాయల లెక్క తేల్చుకునేటప్పుడు 'నీకూ నాకూ మధ్య' అంటాం గానీ 'నీకూ నేనూ మధ్య' అని ఎవరంటారు?

అలాగని క్రియ తర్వాత వచ్చిన ప్రతి 'ఐ'నీ కొట్టేయొద్దు. 'ది క్లర్క్ సేస్ రమణ అండ్ ఐ మస్ట్ సైన్' సరైనదే. రమణను తీసి చూడు, 'ఐ మస్ట్ సైన్' అని మిగులుతుంది. సంతకం పెట్టాల్సింది నువ్వే.

టెన్షన్ పడి 'మైసెల్ఫ్' వెనక దాక్కునేవాళ్లూ ఉన్నారు, 'కాంటాక్ట్ రమణ ఆర్ మైసెల్ఫ్' అని. ఆఫీసుల్లో ఇది మరీ ఎక్కువ. నాకు చూస్తేనే చిరాకు. రమణను తీస్తే 'కాంటాక్ట్ మీ' అంటావు గదా, అదే రాయి.

ఇంగ్లీషువాళ్లు కూడా మాటల్లో 'బిట్వీన్ యూ అండ్ ఐ' అంటూనే ఉంటారు. నువ్వూ మాట్లాడేటప్పుడు నోరు జారితే ఫర్వాలేదు. పరీక్ష పేపర్లో, పైవాళ్లకు పోయే కాగితంలో మాత్రం దాన్ని తప్పుగానే లెక్కగడతారు.

నీ లెటర్ చివర 'ప్లీజ్ ఇన్ఫార్మ్ రమణ అండ్ ఐ' అని ఇంకోటి ఉంది. దాన్ని నేను దిద్దలేదు, నువ్వే చూసి పంపు. అక్కను అడిగానని చెప్పు.

మీ మామ