నడవలేనంత అలసట: ‘టూ–టు’, ‘సో–దట్’ దగ్గర మార్కులు ఎక్కడ పోతున్నాయి

“సార్, మాది కావలి దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయిపోయింది, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ఇంట్లోనే ప్రిపేర్ అవుతున్నా. మేథ్స్, రీజనింగ్ పర్వాలేదు. ఇంగ్లీషులో తప్పులు పట్టే ప్రశ్నల్లో ‘టూ టైర్డ్ టు వాక్’ లాంటివి, ‘సో... దట్’ వచ్చినవి ప్రతి మాక్ టెస్టులోనూ పోతున్నాయి. పదో తరగతిలో ఇవే మార్చి రాయమంటే బాగానే రాసేదాన్ని. మొన్న ‘హి వజ్ టూ టైర్డ్ దట్ హి కుడ్ నాట్ వాక్’ ఇస్తే ‘నో ఎర్రర్’ పెట్టా, తప్పయింది. ఎందుకో అర్థం కాలా. ఇంగ్లీషు వదిలేసి రైల్వే పరీక్షలకు మారిపోనా?”

ముందు ఆఖరి ప్రశ్న తేల్చేద్దాం అమ్మా. రైల్వే ఎన్‌టీపీసీలో ఇంగ్లీషు సెక్షన్ లేదు, నిజమే. అది రాసుకో, వద్దనను. కానీ సీజీఎల్ వదలొద్దు. ఇప్పటి ప్యాటర్న్‌లో టైర్ 1లో ఇంగ్లీషుకి 25 ప్రశ్నలు, 50 మార్కులు. టైర్ 2 మొదటి పేపర్లో అయితే 45 ప్రశ్నలు, 135 మార్కులు, అంటే నీకు బాగా వచ్చే మేథ్స్ కంటే ఎక్కువ. అక్కడ తప్పు పెడితే రావాల్సిన మూడూ రావు, పైన ఇంకొకటి పోతుంది. నీ కష్టం ఇంగ్లీషు మొత్తంతో కాదు, ఒక చిన్న ముడితో. అది విప్పితే సరిపోతుంది.

నీకు పదో తరగతిలో వచ్చి ఇప్పుడు ఎందుకు రావట్లేదంటే, అప్పుడు అడిగింది వేరు. ఒక సరైన వాక్యం ఇచ్చి ఇంకో రూపంలోకి మార్చమనేవాళ్లు, నువ్వు ఫార్ములా పెట్టి మార్చేదానివి. ఇప్పుడు స్క్రీన్ మీద వచ్చేది సగం ఒక రూపం, సగం ఇంకో రూపం అతికించిన వాక్యం. విడివిడిగా ఏ ముక్క చూసినా బాగానే ఉంటుంది, అర్థమూ తెలిసిపోతుంది, మనసు ‘ఓకే’ అనేస్తుంది. నువ్వు తప్పు పెట్టిన వాక్యం సరిగ్గా అదే: ‘టూ టైర్డ్’ వరకు ఒక ఇంటిది, ‘దట్ హి కుడ్ నాట్ వాక్’ పక్కింటిది.

దీన్ని తెలుగులోంచి చూడు, తేలికవుతుంది. మనకూ ఈ రెండు రూపాలూ ఉన్నాయి. ‘నడవలేనంత అలసిపోయాడు’ అంటాం. ‘ఎంత అలసిపోయాడంటే, నడవలేకపోయాడు’ అని కూడా అంటాం. మొదటిది ‘టూ–టు’, రెండోది ‘సో–దట్’. రెండూ కలిపి ‘నడవలేనంత అలసిపోయాడంటే నడవలేకపోయాడు’ అని ఎవరన్నా అంటే నీకు వెంటనే నవ్వొస్తుంది కదా, ‘టూ టైర్డ్ దట్’ విన్నప్పుడు ఇంగ్లీషు వాడికీ అలాగే ఉంటుంది.

అయితే ఒక తేడా ఉంది, మనవాళ్ల తప్పుల్లో చాలావరకు అక్కడే పుడతాయి. ‘నడవలేనంత’లో ‘లే’ అనేది పైకి కనిపిస్తోంది, కాదు అనే మాట అందులోనే ఉంది. ఇంగ్లీషులో ‘టూ టైర్డ్ టు వాక్’ అన్నప్పుడు ‘నాట్’ ఎక్కడా కనిపించదు. ‘టూ’ అన్న ఆ ఒక్క మాటే దాన్ని మింగేసి కూర్చుంది. మన చెవికేమో ఆ ‘లే’ వినపడాలి. అందుకని ‘టూ టైర్డ్ నాట్ టు వాక్’ అనో, ‘టూ టైర్డ్ టు నాట్ వాక్’ అనో ఒక ‘నాట్’ తగిలిస్తాం. అలా తగిలిస్తే అర్థం తిరగబడుతుంది. ‘హి ఈజ్ టూ క్లెవర్ నాట్ టు అండర్‌స్టాండ్’ అనేది సరైన వాక్యమే, కానీ దానర్థం ‘అర్థం చేసుకోలేనంత తెలివి’ కాదు, ‘అర్థం కాకుండా పోయేంత తక్కువ తెలివి కాదు, తప్పకుండా అర్థమవుతుంది’ అని. కాబట్టి ‘టూ’ తర్వాత ‘నాట్’ కనిపిస్తే కళ్లు మూసుకుని తప్పు అనకు, అర్థం ఎటు పోతోందో ఒకసారి చూడు.

‘టూ’ అంటే ‘చాలా’ కాదు, ‘మరీ ఎక్కువ’. నేను నేర్చుకున్నది అవమానంతో. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక ఆఫీసుకి చేరుతున్నానని లెటర్ రాస్తూ ‘ఐ యామ్ టూ ఎక్సైటెడ్ టు జాయిన్’ అని రాశాను. అక్కడి పెద్దాయన చదివి, ‘ఏందబ్బయా, చేరలేనంత ఉత్సాహమా, ఇంట్లోనే ఉంటావా అయితే?’ అన్నాడు. నేను రాయాల్సింది ‘వెరీ ఎక్సైటెడ్’. పరీక్షల్లోనూ ‘ద వెదర్ ఈజ్ టూ ప్లెజెంట్’ లాంటివి ఇస్తారు, మంచి గుణం ముందు ఊరికే ‘టూ’ పెట్టి. అక్కడ ‘వెరీ’ కావాలి. దీనికి ఉల్టా తప్పు కూడా ఉంది: ‘హి ఈజ్ వెరీ టైర్డ్ టు వాక్’. ‘టు వాక్’ వచ్చిందంటే ముందు ‘టూ’నే ఉండాలి, ‘వెరీ’ కాదు, ‘సో’ కాదు. ‘టూ మచ్ టైర్డ్’ కూడా కాదు.

ఇప్పుడు ఒక వాక్యాన్ని తీసుకుని ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి మార్చుదాం, ఏమేం కదులుతాయో చూడు. తాత బియ్యం బస్తా మోయలేకపోయాడు అనుకో.

‘ద శాక్ వజ్ టూ హెవీ ఫర్ ది ఓల్డ్ మ్యాన్ టు క్యారీ.’

‘ద శాక్ వజ్ సో హెవీ దట్ ది ఓల్డ్ మ్యాన్ కుడ్ నాట్ క్యారీ ఇట్.’

‘టూ’ పోయి ‘సో’ వచ్చింది, అది అందరికీ తెలిసిందే. తాత ముందున్న ‘ఫర్’ పోయింది, ఎందుకంటే ‘దట్’ తర్వాత వచ్చేది పూర్తి వాక్యం, అందులో తాతే కర్త. ‘టు’ పోయి ‘కుడ్ నాట్’ వచ్చింది, అంటే మింగేసిన ‘నాట్’ బయటపడింది. దాంతోపాటు కాలం కూడా బయటపడింది: ముందు ‘వజ్’ ఉంది కాబట్టి ‘కుడ్’, ‘ఈజ్’ ఉంటే ‘కెన్’. ‘టు’ తర్వాత క్రియకు కాలం ఉండదు, అందుకే మార్చేటప్పుడు చాలామంది దాని సంగతి మర్చిపోయి ‘వజ్ సో హెవీ దట్ హి కెన్ నాట్’ అని రాస్తారు.

చివర్లో నిశ్శబ్దంగా ఒక ‘ఇట్’ వచ్చింది చూశావా? నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పడేది ఈ గుంటలోనే. ‘దట్’ తర్వాత పూర్తి వాక్యం కాబట్టి ఏం మోయలేకపోయాడో చెప్పాలి, ‘ఇట్’ ఉండాలి. ‘టూ–టు’ రూపంలో వాక్యం బస్తాతోనే మొదలైంది, మోసేదీ ఆ బస్తానే, మళ్లీ ‘ఇట్’ అంటే ఒకే బస్తాని రెండుసార్లు ఎత్తినట్టు. ‘ద శాక్ ఈజ్ టూ హెవీ టు క్యారీ ఇట్’ తప్పు. ‘ఫర్’ ఉన్న వాక్యాల్లో కొందరు మాటల్లో ‘ఇట్’ అంటారు, దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం గానీ పరీక్షలో నువ్వు రాయకు.

అలాగని వాక్యం చివరి మాటలన్నీ కోసేయకూడదు. ‘దిస్ బెంచ్ ఈజ్ టూ వీక్ టు సిట్’ అని ఇస్తే, కూర్చునేది బెంచీ కాదు కదా, బెంచీ మీద. కాబట్టి ‘టు సిట్ ఆన్’. ‘ఇట్’ పోవాలి, ‘ఆన్’ ఉండాలి.

దాగున్న ‘నాట్’ ఎప్పుడూ ‘కెన్ నాట్’గానే బయటికి వస్తుందని కూడా అనుకోకు. ‘హి ఈజ్ టూ ప్రౌడ్ టు బెగ్’ అంటే అడగలేడని కాదు, నోరుంది, అడగడు. కాబట్టి ‘సో ప్రౌడ్ దట్ హి విల్ నాట్ బెగ్’. తెలుగులో ‘అడగలేనంత’ అనాలా, ‘అడగనంత’ అనాలా అని ఒకసారి నోట్లో అనుకుంటే ఏది పెట్టాలో తేలిపోతుంది.

టెస్టులో కూర్చున్నప్పుడు ఇదంతా గుర్తు తెచ్చుకునే టైమ్ ఉండదు. ‘టూ’ గానీ ‘సో’ గానీ కనపడగానే మిగతా వాక్యం చదవకుండా ముందు దాని జోడీ ఎక్కడుందో వెతుకు. రెండు ఓలున్న దీర్ఘం ‘టూ’కి ఒక ఓ ఉన్న పొట్టి ‘టు’, ‘సో’కి ‘దట్’. జోడీ తప్పితే జవాబు అక్కడే ఉంది, ముందుకెళ్లే పనిలేదు. జోడీ కుదిరితే అప్పుడు వెనక భాగం చూడు. ‘టు’ వెనక క్రియ మామూలు రూపంలో ఉందా, అనవసరంగా ‘నాట్’ గానీ ‘ఇట్’ గానీ దూరిందా? ‘దట్’ వెనక కర్త ఉన్నాడా, కాలం ముందు భాగంతో కలిసిందా? అంతే.

ఇక ‘సో’, ‘దట్’ పక్కపక్కన అతుక్కుని వస్తే అది వేరే సరుకు, దాన్ని ఇందులో కలపకు. ఒంగోలు స్టేషన్‌కి అన్నయ్య బయల్దేరాడు అనుకుందాం. ‘హి లెఫ్ట్ ఎర్లీ సో దట్ హి కుడ్ క్యాచ్ ద పినాకిని’ అంటే పినాకిని అందుకోవాలని పెందలాడే బయల్దేరాడు. ‘హి లెఫ్ట్ సో ఎర్లీ దట్ ద టీ షాప్ వజ్ నాట్ ఓపెన్’ అంటే ఎంత పెందలాడే బయల్దేరాడంటే, టీ కొట్టు కూడా తెరవలా. మొదటిదానిలో ‘అందుకోవాలని’, ఉద్దేశం. రెండోదానిలో ‘ఎంత... అంటే’, ఫలితం. ‘ఎర్లీ’ అన్న మాట ‘సో’కి ముందుందా, ‘సో’కి ‘దట్’కి మధ్యలో ఉందా అన్నదొక్కటే తేడా. ఉద్దేశం చెప్పేదాన్ని ‘టూ–టు’లోకి మార్చలేం, ‘హి లెఫ్ట్ ఎర్లీ టు క్యాచ్’ అని ఉత్త ‘టు’తో చెప్తాం. దీనిలోనూ పరీక్షవాళ్లు కాలం మీదే కొడతారు: ‘లెఫ్ట్’ అని ముందుంటే తర్వాత ‘కెన్’ కాదు, ‘కుడ్’.

మధ్యలో ఒక్క విశేషణం కాకుండా ‘ఎ హెవీ శాక్’ అని నామవాచకంతో సహా వస్తే ‘సో’ బదులు ‘సచ్’ కావాలి, ‘సచ్ ఎ హెవీ శాక్ దట్’. దీని మీద ప్రశ్నలు తక్కువ, చూసి వదిలెయ్.

ఇప్పుడు నీ పాత మాక్ టెస్టుల్లోంచి తప్పుపోయిన వాక్యాలు ఒక పది తీసి, ఒక్కోదాన్ని రెండు రూపాల్లోనూ సరిగ్గా రాసి, పక్కన తెలుగులో ‘లేనంత’తో ఒకటి, ‘ఎంత... అంటే’తో ఒకటి రాసుకో. మొదటిది నేనిస్తున్నా, మన ప్రకాశం వైపు బోరు నీళ్ల సంగతి: ‘ద వాటర్ వజ్ టూ సాల్టీ ఫర్ అస్ దట్ వి కెన్ నాట్ డ్రింక్’. ఇందులో తప్పులు ఒకటి కాదు, మూడు నాలుగున్నాయి. ఒక దారిలో సరిచేస్తే ‘ద వాటర్ వజ్ టూ సాల్టీ ఫర్ అస్ టు డ్రింక్’, ఇంకో దారిలో ‘ద వాటర్ వజ్ సో సాల్టీ దట్ వి కుడ్ నాట్ డ్రింక్ ఇట్’. ఏది ఎందుకు మారిందో నాలుగు ముక్కల్లో రాసి పంపు, నీ సమాధానం చూసి మిగతా తొమ్మిది గురించి మాట్లాడుకుందాం.