టమాటా వరుగులకు బూజు పట్టింది ఉప్పు చాలక కాదు

ప్రశ్న: రేటు పడిపోయి 20 కిలోల టమాటాలు కోసి, అరకిలో ఉప్పు చల్లి మిద్దె మీద 3 రోజులు ఎండబెట్టాం. 3 కిలోల వరుగులు వచ్చాయి. జాడీలో పెడితే రెండు వారాలకే బూజు పట్టింది. ఉప్పు తక్కువైందా? గుజ్జు కూడా ఉడికించి, నిల్వ ఉండటానికి షాపులో ఇచ్చిన పొడి కలిపి సీసాల్లో పోశాం, మూతలు ఉబ్బాయి. ఈసారి పొడి రెట్టింపు వేయమని షాపాయన చెప్పాడు. వరుగులను నూనెలో వేసి పెట్టుకోవచ్చా?
– ఒక రైతు, మదనపల్లె

జవాబు: ముందు మూతలు ఉబ్బిన సీసాల సంగతి చూడండి. వాటిని తెరవొద్దు, రుచి చూడొద్దు, మళ్లీ మరిగించి వాడదామనుకోవద్దు. పశువులకూ పెట్టకండి. అలాగే సంచిలో వేసి, కుక్కలు తవ్వలేనంత లోతు గుంటలో పూడ్చేయండి. బూజు పట్టిన వరుగులు కూడా పారేయాల్సిందే. పైపైన తుడిచి ఎండబెడితే బూజు కనబడకుండా పోతుందే తప్ప దాని విషం పోదు.

మీ ఉప్పు తక్కువేం కాదు. కిలో కాయకు 25 గ్రాములు పడింది, 20 వేసినా సరిపోయేది. తప్పు ఎక్కడుందో మీ లెక్కలోనే ఉంది. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. 20 కిలోల్లో అసలు పదార్థం కిలో, కిలోంబావు. ఉప్పుతో కలిపినా బాగా ఎండితే రెండు కిలోల లోపే తూగాలి. మీకు 3 కిలోలు వచ్చాయంటే అందులో దాదాపు సగం నీళ్లే. ఉప్పు ఇంకా పెంచితే వానాకాలంలో అది గాలిలోని తేమను లాగి వరుగులను మళ్లీ మెత్తబరుస్తుంది.

ఈసారి కండ ఎక్కువున్న, గట్టిగా పండిన కాయలు తీసుకోండి. నిలువుగా రెండు చెక్కలు చేసి, గింజల రసం తీసేసి, కోసిన వైపు పైకి ఉండేలా పరవండి. నేల మీద, పట్టా మీద వద్దు. కింద నుంచి కూడా గాలి ఆడేలా వల బిగించిన చట్రం మీద ఆరబెట్టి, పైన పలుచని గుడ్డ కప్పండి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసుకోవాలి. మదనపల్లె వేసవి ఎండకైనా 5, 6 రోజులు పడుతుంది. పైన గట్టిపడింది కదా అని మూడో రోజే ఎత్తేస్తే లోపల తడి ఉండిపోతుంది. మందంగా ఉన్న ముక్కను చించి, మధ్యలో బొటనవేలితో నొక్కండి. తోలులా వంగాలి, వేలికి తడి అంటకూడదు.

చల్లారాక గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి మూత పెట్టండి. వారం పాటు రోజూ కుదుపుతూ ఉండండి. లోపల గాజుకు చెమ్మ పట్టిందా, మొత్తం తీసి మళ్లీ ఎండకు వేయండి. చెమ్మ కనబడకపోతేనే నిల్వకు పెట్టండి.

ఇక గుజ్జు. మీరు వేసిన పొడి బెంజోయేట్ అయి ఉంటుంది. అది పులుపు తగినంత ఉన్నచోటే పనిచేస్తుంది, అదీ బూజు, ఈస్టు పెరగకుండా ఆపడానికే. సరిగా మరిగించని సీసాను అది కాపాడదు. రెట్టింపు చేస్తే షాపాయన గల్లా నిండుతుంది తప్ప గుజ్జు నిలవదు. పురుగుమందు డోసు చెప్పినట్టే తినే వస్తువుకూ నోటికొచ్చింది చెబుతున్నారు, మీరేమో వింటున్నారు. ఇంటికి వాడుకునే గుజ్జుకు ఆ పొడి అసలు అక్కర్లేదు.

కావాల్సింది పులుపు, వేడి. బాగా మాగిన కాయల్లో, ఎండిపోయిన చెట్ల నుంచి తెంపిన కాయల్లో పులుపు తగ్గిపోతుంది. పులుపు తగ్గేకొద్దీ పెరిగే పీహెచ్ అంకె 4.6 దాటితే ప్రాణాంతకమైన బొటులినం క్రిమి విషం తయారుచేయగలదు. అందుకే జల్లెడ పట్టిన రసాన్ని సగానికి సగం ఇగిరేదాకా ఉడికించాక, ప్రతి సీసాలో విడివిడిగా నిమ్మ ఉప్పు వేయాలి. అర లీటరు సీసాకు తలగొట్టిన పావు టీస్పూను, లీటరు సీసాకు అర టీస్పూను. మామూలు ఉప్పు రుచికే, నిల్వకు కాదు.

పొగలు కక్కుతుండగానే, వేడి నీళ్లలో ఉంచిన సీసాల్లో పైన వేలెడు వెడల్పు ఖాళీ ఉంచి నింపండి. వేడికి తట్టుకునే గాజు సీసాలు, కొత్త మూతలు వాడండి. మూత పెట్టి, అడుగున గుడ్డ వేసిన గిన్నెలో సీసాలు పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి మరిగించాలి. మీ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, నీళ్లు 100 డిగ్రీల లోపే మరుగుతాయి. కాబట్టి తెర్లడం మొదలయ్యాక అర లీటరు సీసాలకు 40 నిమిషాలు, లీటరువాటికి 45 నిమిషాలు. మీరు వదిలేసింది ఈ పనే అనుకుంటున్నాను. మర్నాడు మూత మధ్యలో లోపలికి దిగి ఉండాలి, నొక్కితే టక్కుమనకూడదు. అలా అంటే ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయండి.

వరుగులను నూనెలో వేసి బయట పెట్టొద్దు, వెల్లుల్లి రెబ్బలతో అసలే వద్దు. నూనె గాలిని ఆపేస్తుంది, ముక్కలో కాస్త తడి ఉంటే గాలి లేని ఆ చోటే బొటులినంకు అనువు. కావాలంటే నాలుగు రోజులకు సరిపడా కలుపుకుని ఫ్రిజ్‌లో ఉంచండి.