బార్గెయిన్ పర్చేజ్ లాభం

కంపెనీని నికర ఆస్తుల విలువకన్నా తక్కువకు కొంటే, ఆ తేడాను వెంటనే లాభంగా రాసుకోవచ్చా?

కుదరదు, కంపెనీల కొనుగోళ్లకు మన దేశంలో వర్తించే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 103 ప్రకారం ముందు ఆస్తులు, అప్పులు అన్నీ లెక్కలోకి వచ్చాయో లేదో, వాటి విలువ సరిగా కట్టారో లేదో మళ్లీ చూడాలి. తెలిసి తెలిసి ఎవరూ ఊరికే చౌకగా అమ్ముకోరు. అందుకే తేడా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది మన లెక్కనే.

భీమవరంలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటును 40 కోట్లకు కొన్నారనుకుందాం. నికర ఆస్తులు 46 కోట్లని తేలింది, తేడా 6 కోట్లు. మళ్లీ చూస్తే, యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని సరుకు తిప్పిపంపిన విదేశీ కొనుగోలుదారు వేసిన దావా బయటపడింది. చెల్లించాల్సి వస్తుందో లేదో తేలకపోయినా, ఇప్పటికే ఉన్న బాధ్యత గనుక దాని సరసమైన విలువ 2.5 కోట్లు లెక్కలోకి రావాలి. కోల్డ్ స్టోరేజీ యంత్రాల విలువను 1.5 కోట్లు ఎక్కువగా లెక్కకట్టారు. పన్ను ప్రభావం పక్కన పెడితే మిగిలింది 2 కోట్లే.

ఆ మిగిలింది లాభనష్టాల ఖాతాకు వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అంతర్జాతీయ ప్రమాణంలో అంతే, మన దగ్గర కాదు. బ్యాంకు ఒత్తిడితో తొందరపడి అమ్మడంలాంటి కారణానికి స్పష్టమైన ఆధారం ఉంటే, లాభనష్టాల లెక్కలో కలవని ఇతర సమగ్ర ఆదాయం మీదుగా, లేకపోతే నేరుగా క్యాపిటల్ రిజర్వుకు చేరుతుంది.