ఎందుకు వెళ్తున్నావని అడగకు

చిన్నీ,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. ఆరు నెలల్లో తొమ్మిది మంది వెళ్లిపోయారు. వాళ్లు వెళ్తూ నింపిన తొమ్మిది ఎగ్జిట్ ఫారాల్లోనూ కారణం "మంచి అవకాశం", "పై చదువులు", "ఇంటి కారణాలు" అనే ఉంది. పైవాళ్లేమో ఉన్నవాళ్లను నిలుపుకునే రిటెన్షన్ ప్లాన్ హెచ్‌ఆర్‌వని నిన్ను అడుగుతున్నారు, ఏం రాయను మామయ్యా అన్నావు. ముందు ఆ ఫారాలు పక్కన పెట్టు.

ఒక్కసారి వాళ్ల వైపు నుంచి చూడు. రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు. ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు రావాలి. కొత్త కంపెనీ తరఫున బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు రేపో మాపో ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ ఎత్తేది నువ్వో వాళ్ల మేనేజరో. అలాంటప్పుడు "మా ఇన్‌చార్జి వల్ల పోతున్నాను" అని ఎవరు రాస్తారు? నేనైనా రాయను.

అందుకే వెళ్లేవాళ్లతో రెండుసార్లు మాట్లాడాలి. మొదటిది నోటీస్ పీరియడ్ మధ్యలో, రిలీవింగ్ తేదీ కాగితం మీద ఇచ్చేశాక. చివరి రోజు వద్దు. ఆ రోజు మనిషి నో డ్యూస్ సంతకాల కోసం స్టోర్స్‌కీ అకౌంట్స్‌కీ తిరుగుతూ ఉంటాడు, మనసంతా సాయంత్రం కేక్ మీద, బస్సు మీద ఉంటుంది. రెండోది వెళ్లిన మూడు నెలలకు, ఫోన్లో. అప్పటికి డబ్బు ముట్టి ఉంటుంది, వెరిఫికేషన్ అయిపోయి ఉంటుంది, కోపం కూడా కాస్త చల్లారి ఉంటుంది. నాకు పనికొచ్చిన మాటల్లో సగానికి పైగా ఆ ఫోన్లలో వచ్చినవే. అయితే ఫుల్ అండ్ ఫైనల్ ఇంకా పెండింగ్‌లో పెట్టి ఫోన్ చేశావనుకో, తిట్లు తిని పెట్టేయడమే.

మాట మొదలుపెట్టే ముందే ఒకటి స్పష్టంగా చెప్పు: "పేరు బయటకు రాదు. కానీ లైంగిక వేధింపుల లాంటిది చెబితే నేను విని ఊరుకోలేను." 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వడానికి మామూలుగా మూడు నెలల గడువే ఉంటుంది. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆ సంగతి వాళ్లకు అప్పుడే తెలియాలి, నీ మూడు నెలల ఫోన్ దాకా ఆగకూడదు.

ఇక అడిగే ప్రశ్న. "ఎందుకు వెళ్తున్నావ్" అంటే ముందే తయారు చేసుకున్న జవాబు వస్తుంది. నేను తేదీ అడిగేవాణ్ణి. "రెజ్యూమె మొదటిసారి బయటికి తీసి దిద్దింది ఎప్పుడు?" తేదీ చెప్పడంలో ఎవరి మీదా నింద లేదు కాబట్టి చెప్పేస్తారు. ఆ తర్వాత నెమ్మదిగా "ఆ వారంలో ఏం జరిగింది?" అని అడిగి ఊరుకో. వాళ్లు ఆలోచిస్తుంటే మధ్యలో నువ్వు మాట అందించకు.

పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేసినప్పటి సంగతి చెప్తాను. మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో నలభై మంది కెమిస్టులు, ఏడాదిలో పన్నెండు మంది వెళ్లిపోయారు. ఫారాల్లో ఎక్కువమంది రాసింది జీతం. మేనేజ్‌మెంట్ పది శాతం పెంచడానికి కూడా సిద్ధపడింది. అప్పుడే పదహారు నెలల సర్వీసున్న ఒక కుర్రాడిని ఈ తేదీ ప్రశ్న అడిగాను. నవ్వాడు. "దసరా అయ్యాక సార్."

ఆ వారంలో ఏమైందంటే కొంచెంసేపు ఏమీ లేదన్నాడు. తర్వాత మెల్లిగా వచ్చింది. ఆడిట్ కోసం వరసగా నాలుగు వీక్లీ ఆఫ్‌లు పని చేశాడు. వాటికి బదులు సెలవు, అదే కాంప్ ఆఫ్, అడిగితే ఆడిట్ అవ్వనీ అన్నారు. ఆడిట్ అయ్యాక, శాంపిల్స్ పేరుకుపోయాయి ఆగమన్నారు. చెల్లెలి నిశ్చితార్థానికి అప్లై చేస్తే నాలుగింటిలో మూడు ల్యాప్స్ అయినట్టు సిస్టమ్ చూపించింది. అరవై రోజులు దాటితే రద్దయ్యేలా మా రూల్ ఉండేది. "ఇన్‌చార్జి మీద కోపం లేదు సార్, ఆయనవీ పోయాయి," అన్నాడు. ఆ రాత్రే రెజ్యూమె తీశాడు. వెతకడం మొదలుపెట్టాక ఎక్కువ జీతం ఎక్కడో దొరకక మానదు కదా. ఫారంలో అతను రాసింది అబద్ధం కాదు. అది అటు లాగిన కారణం. ఇటు నుంచి తోసింది మాత్రం అందులో లేదు.

ఇంకో సంగతి, నాకే సిగ్గేసింది. అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 53వ సెక్షన్ ప్రకారం పోయిన వారపు సెలవుకు బదులు సెలవును ఆ నెలలో గానీ తర్వాతి రెండు నెలల్లో గానీ ఇవ్వాలి. ఆ గడువు యాజమాన్యానికి పెట్టింది. మేం దాన్ని ఉద్యోగి నెత్తిన రుద్ది, దాటితే ల్యాప్స్ అని రాసుకున్నాం.

అయినా ఒక్కడి మాట పట్టుకుని పరిగెత్తకు. మూడు నెలల ఫోన్లలో పన్నెండు మందిలో పది మంది దొరికారు. ఏడుగురు చెప్పిన తేదీలు ఆడిట్ అయిన ఆరు వారాల లోపే పడ్డాయి. అప్పుడు కూడా వెళ్లినవాళ్లనే చూస్తే సరిపోదు. ఉన్నవాళ్లవి కూడా కలిపి అటెండెన్స్ సిస్టమ్ నుంచి ల్యాప్స్ లిస్టు తీశాను. రెండో అంతకంటే ఎక్కువో కాంప్ ఆఫ్‌లు ల్యాప్స్ అయినవాళ్లు పందొమ్మిది మంది, వాళ్లలో ఎనిమిది మంది వెళ్లిపోయారు. మిగతా ఇరవై ఒక్కరిలో నలుగురే. ఆ నలుగురిలో ఇద్దరు ఎంఎస్‌కు, ఒకమ్మాయి పెళ్లయి వైజాగ్‌కు. అలాంటివాళ్లను ప్లాన్‌లో లెక్కించకు, వాళ్లను ఆపే పని మనది కాదు.

పైకి ఇచ్చింది రెండు పేజీలే. ఆడిట్ మొదలయ్యే ముందే ఎవరి కాంప్ ఆఫ్ ఏ తేదీనో ఇన్‌చార్జి రోస్టర్‌లో రాయాలి. రెండు నెలల్లో ఇవ్వకపోతే హెచ్‌ఆర్ తానే తేదీ వేస్తుంది. ల్యాప్స్ అనే మాటే ఉండదు. దానికి ఇద్దరు అదనపు కెమిస్టులు కావాలి. కొత్తగా వచ్చినవాడు క్వాలిఫై అయి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష యంత్రం మీద ఒంటరిగా పని చేయడానికి మా దగ్గర మూడు నెలలు పట్టేది. ఒక్కరు పోయినా అన్ని నెలలు పోతాయన్న ఆ లెక్క చూపిస్తే ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఐదుగురే వెళ్లారు. అదంతా నా ఘనతేమీ కాదు, ఆ ఏడు బయట రిక్రూట్‌మెంట్లు కూడా మందగించాయి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదటి రిపోర్టులో ఆ చెల్లెలి నిశ్చితార్థం మాట ఉన్నదున్నట్టు రాశాను. పేరు లేకపోయినా ల్యాబ్‌లో అందరికీ అర్థమైపోయింది. అతను వెళ్లిపోయాడు సరే, ల్యాబ్‌లో మిగిలిన అతని స్నేహితుడికి వరసగా నైట్ షిఫ్టులు పడ్డాయి. అప్పటి నుంచి ఎవరి మాటా కోట్ చేయలేదు, ఐదుగురికి తక్కువ ఉన్న సెక్షన్‌ను విడిగా చూపలేదు, పక్క సెక్షన్‌తో కలిపేశాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఆ తొమ్మిది మందిలో ఎవరి అప్రైజల్‌లోనో వార్నింగ్‌లోనో నువ్వు కూర్చుని ఉంటే, వాళ్లకు నువ్వు ఫోన్ చేయకు, పక్క యూనిట్ హెచ్‌ఆర్‌తో చేయించు.

వాళ్లు చేరిన తేదీ, రాజీనామా తేదీ, చివరి మూడు నెలల రోస్టర్, ఈ మూడే పంపు, పేర్లు తీసేసి. ఆదివారం పొద్దున్న కూర్చుని చూద్దాం. మధ్యాహ్నం చేయకు, పడుకుంటాను.

మీ మామయ్య