ఫ్లాస్కు చచ్చిపోయిందో లేదో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు

ప్రశ్న: ఏడాది క్రితం పూర్ణా మార్కెట్‌లో తక్కువ ధరకి అర లీటరు స్టీల్ ఫ్లాస్కు కొన్నాను. మొదటి రెండు మూడు నెలలు మధ్యాహ్నం దాకా టీ పొగలు కక్కేది. ఇప్పుడు ఆరింటికి పోస్తే తొమ్మిదికే గోరువెచ్చన. మూత వాషర్ మార్చినా అంతే. చల్లనీళ్ళు మాత్రం పర్లేదనిపిస్తోంది. బాగు చేయించొచ్చా?

జవాబు: బాగు కాదండీ. అయితే ఎందుకు పోయిందో తెలిస్తే ఇంకోటి కొనేటప్పుడు పనికొస్తుంది. మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి చెప్తున్నాను.

ముందు నిజంగా పోయిందో లేదో చూడండి. మరిగే నీళ్ళు పోసి, మూత బిగించి, పది నిమిషాలాగి బయట గోడని అరచేత్తో పట్టుకోండి. మెడ దగ్గర, మూత చుట్టూ వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, ఎంత ఖరీదైన ఫ్లాస్కులోనైనా వేడి ఎక్కువగా పోయే దారి అదే. కడుపు భాగం, అడుగు కూడా వెచ్చబడితే రెండు గోడల మధ్య ఉండాల్సిన వాక్యూమ్, అంటే గాలి లేని ఖాళీ, పోయినట్టే. సొట్ట పడినచోట మాత్రమే వేడిగా ఉంటే, అక్కడ రెండు గోడలూ ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. ఐసునీళ్ళు పోసినా తెలిసిపోతుంది. మన వైజాగ్ ఎండాకాలం గాలిలో తేమ తెలుసుగా, పోయిన ఫ్లాస్కుకి ఒళ్ళంతా చెమట పడుతుంది. మంచిది పొడిగా ఉంటుంది.

నేను రెంటినీ పక్కపక్కన పెట్టి కొలిచాను. గది సుమారు 30 డిగ్రీలు, రెండింట్లోనూ అర లీటరు నీళ్ళు, 92 డిగ్రీల దగ్గర మూత పెట్టాను. పోయినది గంటకి 74, మూడు గంటలకి 52, ఆరు గంటలకి 38. మంచిది ఆరు గంటలకి కూడా 70 చూపించింది. మీ తొమ్మిది గంటల టీ లెక్క సరిగ్గా ఈ 52 దగ్గరకొచ్చి ఆగింది చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. స్టీల్ ఫ్లాస్కంటే ఒక గ్లాసులో ఇంకో గ్లాసు. రెండూ మెడ దగ్గర మాత్రమే అతుక్కుని ఉంటాయి, మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీలో గాలి లేకపోతే వేడి మోసేవాళ్ళు ఉండరు. మనం అనుకుంటాం, సగం గాలి తీసేస్తే సగం వేడి ఆగుతుందని. ఆగదు! మామూలు గాలిలో ఒక్కో అణువు వెంట్రుక మందంలో వెయ్యో వంతు దూరం కూడా పోకుండానే ఇంకోదాన్ని గుద్దుకుని, తన వేడిని దానికి అప్పజెప్తుంది. అణువుల్ని సగానికి తగ్గిస్తే, మిగిలినవాటికి దారి ఖాళీ అయి ఒక్కోటి రెట్టింపు దూరం పోతుంది. కూలీలు సగమయ్యారు, ఒక్కొక్కరి నడక రెండింతలైంది, మోత అంతే. గాలిని నలభై వేలో వంతుకి తగ్గించాకగానీ ఈ లెక్క మారడం మొదలవదు. అప్పుడే అణువు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎవరినీ గుద్దుకోకుండా పోగలిగేది. గట్టి ఫ్లాస్కు కావాలంటే ఇంకా కిందికి, మామూలు గాలిలో పది లక్షల్లో ఒక వంతు దాకా దింపాలి.

దీన్ని తిరగేసి చూస్తే మీ జవాబు దొరుకుతుంది. అర లీటరు ఫ్లాస్కు గోడల మధ్య ఖాళీ మొత్తం కలిపి వంద మిల్లీలీటర్ల చిల్లర. అందులోకి ఒక్క ఆవగింజంత గాలి చేరితే చాలు, వేడి పోయే వేగం రెట్టింపు దాటిపోతుంది. అందుకే ఇవి మెల్లగా ముసలివైనట్టు అనిపించవు. నిన్నటిదాకా బాగుంది, ఈ నెలలో ఏమైందో అంటాం.

ఆ ఆవగింజంత గాలి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వెల్డింగులో కంటికి కనపడని సూది బెజ్జం. రెండోది ఎవరూ అనుమానించనిది: స్టీలు లోపలే ఇరుక్కుని ఉన్న హైడ్రోజన్. అది రోజూ కొంచెం కొంచెంగా ఖాళీలోకి ఊరుతుంది. హైడ్రోజన్ తేలికైన వాయువు కాబట్టి మామూలు గాలికంటే చాలా ఎక్కువ వేడి మోస్తుంది. మంచి ఫ్యాక్టరీలో ఫ్లాస్కుని వాక్యూమ్ కొలిమిలో తగినంత సేపు కాల్చి ఈ వాయువుని ముందే వదిలించి, ఆ తర్వాతే సీలు వేస్తారు. పైగా గోడల మధ్య గెట్టర్ అనే చిన్న బిళ్ళ పెడతారు, తర్వాత ఊరే వాయువుల్ని అది పీల్చేసుకుంటూ ఉంటుంది. చవక సరుకులో కొలిమి సమయం కోస్తారు, బిళ్ళ మానేస్తారు. ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజు రెండూ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. తేడా మూడో నెలలోనో, ఆరో నెలలోనో బయటపడుతుంది.

ఇదంతా పుస్తకంలో కాదు, చేత్తో కోసి చూశాను. సొట్టపడి పక్కన పడేసిన పాత మంచి ఫ్లాస్కుని, పోయిన చవక ఫ్లాస్కుని తీసుకుని ఆటోనగర్‌లో తెలిసిన వెల్డర్ దగ్గరికెళ్ళాను. "ఏటండీ బాబూ, సుబ్బరంగా ఉన్నదాన్ని కోసేత్తన్నారు" అని నసిగాడు. గ్రైండర్ బిళ్ళ పాతదాని బయట రేకుని దాటగానే సుయ్‌మని గాలి లోపలికి లాగింది. ఆ చప్పుడు విని అతను కూడా గ్రైండర్ ఆపేశాడు. విప్పితే లోపలి గ్లాసు చుట్టూ రాగి రేకు మెరుస్తోంది, అడుగున బొత్తాం కంటే చిన్న బూడిదరంగు బిళ్ళ. ఆ రాగి రేకు కూడా ఊరికే అందానికి కాదు, గాలి లేకపోయినా వేడి వెలుతురులాగా ఎగిరి అవతలి గోడకి చేరుతుంది కదా, దాన్ని అద్దంలా వెనక్కి కొడుతుంది. రెండోదాన్ని కోస్తే చప్పుడే లేదు. రేకూ లేదు, బిళ్ళా లేదు, మసకబారిన స్టీలు మాత్రం ఉంది.

చల్లనీళ్ళు పర్లేదని మీకు అనిపించడానికి కారణం ఉంది. ఫ్లాస్కుకి వేడీ చలీ ఒకటే. 1892లో జేమ్స్ డ్యూయర్ అనే శాస్త్రవేత్త ఇలాంటిది మొదట గాజుతో చేసింది కూడా ద్రవంగా మార్చిన వాయువుల్ని చల్లగా ఉంచడానికే. కానీ మరిగే టీకి, గదికి మధ్య తేడా అరవై డిగ్రీల పైన. ఫ్రిజ్ నీళ్ళకి ఆ తేడా పాతిక. తేడా తక్కువైతే దొంగతనం కూడా నెమ్మదే. దానికితోడు ఐసు వేస్తే, అది కరిగేదాకా నీళ్ళు వేడెక్కవు. మంచి ఫ్లాస్కులో వంద గ్రాముల ఐసు దాదాపు ఏడు గంటలు కాపు కాస్తుంది. అందుకని ఫ్లాస్కు చావు టీలో ముందు తెలుస్తుంది.

మళ్ళీ గాలి తీయించి సీలు వేయించడం మన ఊళ్ళో ఏ షాపులోనూ జరిగే పని కాదు, కొలిమి కావాలి. ఒక జాగ్రత్త మాత్రం: వేడి నిలవట్లేదని పొయ్యి మీద పెట్టకండి. ఊపితే గోడల మధ్య నీళ్ళు కదులుతున్న చప్పుడు వస్తే మరీ వద్దు, ఆవిరికి దారి లేక పగులుతుంది. ఉప్పేసిన మజ్జిగ, సాంబారు రాత్రంతా అందులో వదలడం కూడా మానండి. ఉప్పు చవక స్టీలుని, ముఖ్యంగా వెల్డింగు గీతని గుంటలు పడేలా తినేస్తుంది. అయస్కాంతం పెట్టి మంచి స్టీలని తేల్చే చిట్కా నమ్మొద్దు, తక్కువ రకం స్టీలు కూడా చాలాసార్లు అంటుకోదు.

ఈసారి కొనేటప్పుడు పక్క టీకొట్టులో ఒక గ్లాసు మరిగే నీళ్ళు అడిగి, షాపులోనే పోసి, పది నిమిషాలు కబుర్లు చెప్పి కడుపు మీద చెయ్యి పెట్టి చూడండి. కొత్తదానికే వెచ్చగా తగిలితే అక్కడే వదిలేయండి. చల్లగా ఉంటే కొనుక్కుని బిల్లు దాచుకోండి. మూడో నెలలో అదే పరీక్ష మళ్ళీ చేయాలి కదా.